దాచిన చోటే దొరికిన డిమాండు రేఖ

వినియోగదారుడి డిమాండు రేఖను ప్రయోజన గరిష్ఠీకరణ నుంచి “రాబట్టామని” పాఠ్యపుస్తకాలు ప్రకటించే తీరు, తన చేతి రుమాలులో తానే దాచిన కోడిగుడ్డును సభ ముందు తీసి చూపించే గారడీవాడి ధీమాకు ఏమాత్రం తీసిపోదు. ఈ గారడీకి కావలసిన సామగ్రి కూడా స్వల్పమే: x కిలోల బియ్యం, y కిలోల కందిపప్పు, వాటి వల్ల కలిగే తృప్తికి కొలతగా ఎంచుకున్న ప్రయోజన ఫలం U = xy, కిలో ధరలు 50, 100 రూపాయలు, నెల బడ్జెట్ 1000 రూపాయలు. ఖర్చు హద్దునూ ప్రయోజనాన్నీ ఒకే సూత్రంలో ముడివేసే ఉపాయమే లగ్రాంజ్ పద్ధతి.

L = xy + λ(1000 − 50x − 100y)

దీన్ని x, y లతో విడివిడిగా అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే y = 50λ, x = 100λ అని తేలుతుంది. అంటే బియ్యం పప్పుకు రెట్టింపు ఉండాలి కనుక, బడ్జెట్ ప్రకారం 10 కిలోల బియ్యం, 5 కిలోల పప్పు వస్తాయి. λ విలువ 0.1, అనగా బడ్జెట్ ఒక రూపాయి పెరిగితే ప్రయోజనం దాదాపు అంత పెరుగుతుంది. బియ్యం ధర స్థానంలో p, బడ్జెట్ స్థానంలో M రాస్తే x = M/2p; ధర పెరిగితే కొనుగోలు తగ్గింది, నిరూపణ ముగిసింది, చప్పట్లు మోగాయి.

ఈ ఇంటివారు ధరలు ఎలా మారినా సగం డబ్బు బియ్యానికి, సగం పప్పుకు వెచ్చిస్తారన్న సంగతి xy అని రాసిన క్షణంలోనే ఖాయమైంది. పప్పు 200 రూపాయలైనా బియ్యం 10 కిలోలకు మించదు, తగ్గదు. ఆదాయం పది రెట్లయితే అదే కుటుంబం నెలకు 100 కిలోల బియ్యం వండుకోవాలి. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చూపినా, ఈ సూత్రానికి ఆ కబురు అందినట్టు లేదు.

ఇక ప్రయోజన ఫలాన్ని U = x² + y² గా మార్చితే, అంటే రెండూ కలిపి వండుకోవడం కన్నా ఏదో ఒకదాన్నే గుట్టగా పోసుకోవడం ఇష్టపడే వినియోగదారుణ్ణి ఊహిస్తే, అదే పద్ధతి అంతే నమ్మకంగా 4 కిలోల బియ్యం, 8 కిలోల పప్పు తీసుకొమ్మంటుంది. అక్కడ ప్రయోజనం 80 మాత్రమే. డబ్బంతా పప్పుకే పెడితే 100, బియ్యానికే పెడితే 400. గరిష్ఠాన్ని వెతకబోయిన లగ్రాంజ్ గుణకం బడ్జెట్ రేఖ మీద అన్నిటికన్నా హీనమైన బిందువును పట్టుకొచ్చింది, ఎందుకంటే అవకలజం సున్నా కావడం కొండ శిఖరానికీ లోయ అడుగుకీ సమానంగా చెల్లుతుంది. ఉదాసీనతా వక్రరేఖ మూలబిందువు వైపు ఉబ్బి ఉందా అని చూడకుండా, బడ్జెట్ రేఖ రెండు చివరలతో పోల్చకుండా, దొరికిన జవాబును డిమాండు అనకూడదు.