పేరొక్కటే కొట్టేశారు, ఊరంతా మిగిలింది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లికి 2022 జూన్‌లో జిల్లా కోర్టులు వచ్చాయి. అక్కడ పిటిషన్ ఇంగ్లిషులో వేస్తే దాన్ని ఒకసారి దిద్దిపెట్టే బయటి మనిషి కావాలి. రిటైరైన లెక్చరరో, డీటీపీ సెంటర్లో కాస్త చదువుకున్న పిల్లగాడో దొరుకుతాడు. డ్రాఫ్టు వాట్సాప్‌లో వెళ్తుంది. క్లయింటు గుట్టు బయటపడదా అని ఎవరైనా అడిగితే జూనియరు వకీలు ఛాతీ విరుచుకుంటాడు: ‘‘గట్లెట్ల బయటపడ్తది సార్? పేర్లన్నిటి మీద నల్లగీత కొట్టినం!’’

ఈ నల్లగీతకు దండం పెట్టకుండా ఉండలేం. దాని మహిమ చూడాలంటే ఒక డ్రాఫ్టు ఊహించుకుందాం. మనోవర్తి కేసు, పాత 125, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 144 కింద. భార్య పేరు నలుపు, భర్త పేరు నలుపు. మిగతాది ఇలా ఉంటుంది: భర్త భూపాలపల్లిలో సింగరేణి వారి ఫలానా గనిలో ఓవర్‌మెన్, భార్య మహబూబాబాద్ దగ్గర ఫలానా తండాలో అంగన్‌వాడీ టీచరు, పెళ్లి ఫలానా ఏడాది మే నెలలో, కట్నం కింద ఫలానా సర్వే నంబరులో ఎకరం ఇరవై గుంటలు. ఆ తండాలో అంగన్‌వాడీ టీచర్లు ఎందరు? ఒక్కతే. అంటే దిద్దే మనిషికి పేరు తప్ప అన్నీ చెప్పాం. ఆ పేరు కావాలంటే చాయ్ హోటల్లో ఒక్క ప్రశ్న చాలు. సర్వే నంబరు కొడితే చాలా భూములకు పట్టాదారు పేరు ప్రభుత్వ పోర్టల్లోనే కనిపిస్తుంది. ఇక పై మూలన ఉన్న కేసు నంబరు నల్లగీతకు కనపడనే లేదు. ఈ-కోర్ట్స్‌లో ఆ నంబరు వేసి చూస్తే, కోర్టు దాచిపెట్టని కేసుల్లో, ఇరుపక్షాల పేర్లూ వచ్చేస్తాయి. ఫైలు పేరు సంగతి సరేసరి: భార్య పేరు, పక్కన ‘ఫైనల్’, దాని పక్కన ‘ఫైనల్ కొత్తది’.

నల్లగీత అసలు నలుపేనా అన్నది మరో ముచ్చట. వర్డ్‌లో నల్లరంగు హైలైట్ వేస్తే అక్షరాలు చెరిగిపోవు, నలుపు కింద భద్రంగా పడుకుంటాయి. పీడీఎఫ్‌లో నల్ల డబ్బా గీసినా అంతే. ఇది మన జిల్లాల వెనకబాటుతనం అనుకోవద్దు. 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ ఎన్నికల ప్రచార మాజీ సారథి పాల్ మానాఫోర్ట్ వకీళ్లు ఇలాగే నల్లబారిన కాగితం కోర్టులో వేశారు. విలేకరులు ఆ నలుపును కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేశారు, అంతే. ఆయన ఎన్నికల సర్వే లెక్కలు ఎవరికి ఇచ్చాడని ప్రభుత్వ వకీళ్లు అంటున్నారో ఆ రహస్యం లోకమంతా చదివింది. పైసలకు కొదువ లేని వకీళ్లకే ఆ గతి పట్టింది. పరీక్ష మాత్రం తేలిక. ఫైలు తెరిచి Ctrl+A, Ctrl+C కొట్టి నోట్‌ప్యాడ్‌లో పడేయండి. పేరు తిరిగి లేచిందా, మీరు కొట్టింది గీత కాదు, దుప్పటి.

కొందరు ఇంకాస్త తెలివైనవారు. గీతలు మానేసి, వెతికి మార్చే ఆదేశంతో పేరు స్థానంలో ‘పిటిషనర్’ పెట్టేస్తారు. ఇక్కడ తెలుగు భాష పగ తీర్చుకుంటుంది. క్లయింటు పేరు రాజు అనుకోండి. పూర్తి పదాలే మార్చమంటే ‘రాజుకు’, ‘రాజుతో’, ‘రాజుగారి’ అన్నీ చెక్కుచెదరకుండా మిగులుతాయి, విభక్తి పేరుకు అతుక్కుని ఉంటుంది గనక. సరే, ఎక్కడున్నా మార్చమంటే ‘ఇద్దరి మధ్య గొడవ రాజుకుంది’ అన్నది ‘గొడవ పిటిషనర్‌కుంది’ అవుతుంది. తరాజు పిటిషనర్ల పాలవుతుంది. ఇంగ్లిషు డ్రాఫ్టులో ఇంకో తంటా: ఒకే కొమురయ్య ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌బుక్‌లో మరొకటి, పిటిషన్‌లో మూడోది. మార్చే ఆదేశం ఒకదాన్నే పట్టుకుంటుంది, తక్కిన కొమురయ్యలు దర్జాగా నిలబడి ఉంటారు. అను ఫాంటులో టైపు చేసినవాళ్ల ధీమా మరీ వింత. కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి కాబట్టి అదే రహస్య లిపి అనుకుంటారు. అను ఉన్న ప్రతి డీటీపీ సెంటరూ ఆ లిపి చదువుతుంది, మనం పంపేదీ అక్కడికే.

సుప్రీంకోర్టు 2018లో నిపుణ్ సక్సేనా కేసులో అత్యాచార బాధితుల గురించి చెప్పింది ఇదే: పేరు రాయకపోవడం చాలదు, ఆమె ఎవరో తెలిసే ఏ వివరమూ బయటికి పోగూడదు. బీఎన్‌ఎస్ 72 ప్రకారం అలాంటివి ప్రచురిస్తే రెండేళ్ల దాకా జైలు. అది ప్రచురణ గురించిన మాటే అయినా, పోక్సో కేసు డ్రాఫ్టును కామాలు సరిచూడమని బయటి ఫోనుకు పంపే ధైర్యం నాకైతే అర్థం కాదు. అలాంటిది ఆఫీసు గడప దాటకపోతేనే మంచిది.

‘‘ఏమైతది సార్, మనోడే కదా’’ అన్నది జూనియరు రెండో అస్త్రం. మనోడే. కానీ భారతీయ సాక్ష్య అధినియమం 2023, సెక్షన్ 132 దగ్గర మనోడు ఎక్కడ నిలబడతాడు? క్లయింటు స్పష్టంగా ఒప్పుకోకుండా, వృత్తిలో అతను చెప్పింది వకీలు బయటపెట్టకూడదంటుంది ఆ సెక్షన్. అదే కట్టుబాటు దుబాసీకి, వకీలు గుమస్తాకు, ఉద్యోగులకు కూడా వర్తిస్తుందంటుంది. సాయంత్రం పూట ఇంట్లో కూర్చుని పేజీకి ఇంత అని దిద్దే లెక్చరరు సార్ వీళ్లలో ఎవరు? ఆ జాబితాలో ఆయన పేరు వెతకడం కంటే, క్లయింటును అడిగి ఒక సంతకం, సార్ దగ్గర ఒక సంతకం తీసుకోవడం తేలిక. ఎందుకో మరి, పిటిషన్‌లో సంతకాల కోసం క్లయింటును మూడుసార్లు బస్సెక్కించేవాళ్లకు ఈ ఒక్క సంతకం మాత్రం గుర్తుండదు.

పని సరిగ్గా చేయాలంటే నలుపుతో పని లేదు. దిద్దే మనిషికి ఏం కావాలన్నదే ప్రశ్న. అతనికి వాక్యాలు కావాలి, మనుషులు కాదు. కాబట్టి అనుబంధాలు, ఆధార్, పాస్‌బుక్ కాపీలు పోనే కూడదు. డ్రాఫ్టు కొత్త కాపీలో పేర్ల బదులు ‘భార్య’, ‘భర్త’, ఊళ్ల బదులు ‘గ్రామం-1’, ‘గ్రామం-2’, ఉద్యోగాల బదులు ‘ఉద్యోగం-1’, తేదీల బదులు ‘తేదీ-1’ అని వరుస తప్పకుండా చేత్తో మార్చాలి. ఏది ఏమిటో చెప్పే పట్టిక కాగితం మీద ఆఫీసు బీరువాలోనే ఉండాలి. వర్డ్‌లో File > Info > Check for Issues కింద Inspect Document నొక్కి పాత మార్పులు, వ్యాఖ్యలు, రాసినవారి పేరు తీసేయాలి. తర్వాత అంతా నోట్‌ప్యాడ్‌లో పోసి, తండా తెలిసిన గుమస్తాకు ఇచ్చి ‘ఇది ఎవరి కేసో చెప్పు’ అని అడగాలి. చెప్పగలిగితే ఇంకోసారి మార్చాలి. దిద్దిన ఫైలు తిరిగొచ్చాక పట్టిక చూసి అసలువి పెట్టి, అంకెలన్నీ పాత డ్రాఫ్టుతో సరిచూడాలి. ‘గ్రామం-1’, ‘గ్రామం-2’ తారుమారైతే భూమి పక్కూరికి పోతుంది.

దీనికి జూనియర్లు చెప్పే అభ్యంతరం ఒకటి నిజమైనదే. తప్పులు ఎక్కువ పడేది పేర్ల స్పెల్లింగులోనే, ఆ పేర్లే తీసేస్తే దిద్దేవాడు చూసేదేమిటి? పేర్లను ఆధార్‌తో సరిచూడాల్సింది ఆఫీసులో గుమస్తా, బయటి సార్ కాదు. ఈ మాట ఒక జూనియరుకు వివరంగా చెబితే శ్రద్ధగా తలూపాడు. రాత్రి లెక్చరరు సారుకు డ్రాఫ్టు వెళ్లింది, పేర్లన్నీ నల్లగా. కింద ఒక మెసేజి: ‘‘సార్, కొట్టేసిన పేర్ల స్పెల్లింగ్ కూడా ఓసారి చూడుండ్రి.’’ దాని కింద ఆధార్ ఫోటోలు, ముందువైపు, వెనకవైపు.