మీ భక్తికి నమస్కారం

అయ్యా, గోదావరి డెల్టాలో బ్రహ్మసమాజం మీద మీరు రాసిన సిద్ధాంత గ్రంథాన్ని సమీక్షించమని ఒక పత్రిక నాకు పంపింది. మనసారా మెచ్చుకుంటూనే రాస్తున్నాను. ఈ మెప్పులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకునేది కాదు.

ముందుగా మీ విశ్వాసాన్ని మెచ్చుకోవాలి. నేను ఏ చరిత్ర గ్రంథం చేతికి వచ్చినా మొదట ఫుట్‌నోట్లు చదువుతాను. రచయిత ఎవరి మాట విన్నాడో, ఎవరి గడప తొక్కలేదో అక్కడే తెలుస్తుంది. మీ ఫుట్‌నోట్లలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రం ఉంది, ఆయన 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని ఉంది, ఆయన శిష్యుల స్మృతులు ఉన్నాయి. ఆయన చెప్పని మాట ఒక్కటీ లేదు. గురువు మాట మీద ఇంత గురి శిష్యులలో కూడా అరుదు. ఆ గురి వల్లే మీ పుస్తకం పంతులుగారి చరిత్రను ఆయనే మళ్లీ చెప్పినట్టు సాగింది.

రెండో మెప్పు మీ కథనానికి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన తొలి వితంతు వివాహాన్ని చదువుతుంటే పెళ్లి పందిట్లో కూర్చున్నట్టే ఉంది. పోలీసుల కాపలా, విద్యార్థుల పట్టుదల, ఊరి కోపం, కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి ధనసాయం అన్నీ కళ్లకు కట్టాయి. ఎంతగా కట్టాయంటే, ఇదంతా చూసి చెబుతున్నది ఎవరు అని అడగడం మరిచిపోతాం. చెబుతున్నది ఆ పెళ్లి చేయించిన ఆయనే, అదీ చాలా ఏళ్ల తరవాత, ఉద్యమం గెలిచిందని నమ్మకం కుదిరాక. తరవాత తెలిసిన ఫలితం ముందు జరిగినదాని జ్ఞాపకాన్ని దిద్దుతుంది. స్వీయచరిత్ర ఎంత నిజాయితీపరుడు రాసినా అంతే.

అదే పెళ్లిని ఇంకో దిక్కు నుంచి చూసే దారులున్నాయి. ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికల్లో వచ్చిన రాతలను సంగ్రహించి నివేదికలు తయారు చేయించేది. అదొక దారి. వెలిపడినవాళ్ల కథ ఇంకో దారి. పెళ్లికి వెళ్లినవాళ్లను శంకరాచార్యుల శ్రీముఖంతో వెలివేశారు. చాలామంది ప్రాయశ్చిత్తం చేసుకుని తిరిగి కులంలో కలిశారు. మీరు ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి, వాళ్లను పిరికివాళ్లని పక్కన పెట్టారు. నాకైతే ఉద్యమ చరిత్ర అంతా ఆ వాక్యంలోనే కనిపించింది. ఒక మనిషి పందిట్లోకి రాగలిగాడు కానీ వెలిని ఓర్చుకోలేకపోయాడంటే, మంగలి, చాకలి రాకపోవడం, తద్దినానికి భోక్తలు దొరకకపోవడం, ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉండటం వీటిలో ఏది అతన్ని వంచింది? దానికి జవాబు దొరికితే బ్రహ్మసమాజంలో సభ్యులు ఎందుకు కొద్దిమందే అయ్యారో తెలిసేది. 1911 జనగణనలో దేశం మొత్తం మీద బ్రహ్మసమాజికులు సుమారు ఐదున్నర వేలే. పెళ్లికూతురు గౌరమ్మ సంగతీ అంతే. పుస్తకంలో ఆమె పెళ్లి ఉంది, ఆమె మాట లేదు.

మూడో మెప్పు మీ ఉదారతకు. తొలి వితంతు వివాహాన్ని మీరు బ్రహ్మ వివాహాల లెక్కలో చేర్చేశారు. ఉద్యమానికి ఎంత దక్కితే అంత మంచిదన్న ప్రేమ అది. కానీ ఆ పెళ్లి శాస్త్రం ఒప్పుకుంటుందని వాదించి చేయించిన హిందూ వివాహం. దాని వెనకున్న చట్టం 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం. బ్రహ్మసమాజం వాళ్ల కోసం వచ్చింది 1872 నాటి మూడో చట్టం. దాని కింద పెళ్లాడాలంటే తాము హిందువులం కామని వధూవరులు చెప్పాలి. మతం లోపలుండి సంస్కరించడం ఒకటి, బయటికి వచ్చి కొత్త మతం పెట్టుకోవడం మరొకటి. 1878లో ప్రార్థన సమాజం పెట్టిన పంతులుగారు 1906 దాకా జంధ్యం తీయలేదు. ఆ ఇరవై ఎనిమిదేళ్ల తటపటాయింపే మీ గ్రంథానికి అసలు వస్తువు కావలసింది. మీ ఉదారత దాన్ని చెరిపేసింది.

ఇక నాలుగోది. యానాంలో పుట్టినవాణ్ణి కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఇది మీ క్రమశిక్షణకు నమస్కారం. 1919 మే 27న పంతులుగారు కన్నుమూశారు, మీ పుస్తకం కూడా ఆ రోజే ఆగింది. బ్రిటిష్ హద్దు ఎక్కడ ఆగిందో మీరూ అక్కడే ఆగారు. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల నుంచి ఒక తరాన్ని తీర్చిదిద్దిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1939 దాకా బతికారు. మీరు ఆయన్ను చివరి అధ్యాయంలో సంతాపం తెలిపేవారిలో ఒకరిగా నిలబెట్టారు. ఒక మనిషి ఆయుర్దాయాన్ని ఉద్యమానికి ఆయుర్దాయంగా లెక్కకట్టడం భక్తుడు చేసే పని.

హద్దు దాటి ఉంటే మీకు ఏం కనబడేదో చెబుతాను. 1881 సెప్టెంబరు 21న, అంటే రాజమండ్రి పెళ్లికి ఇంకా మూడు నెలలు కూడా లేనప్పుడు, ఫ్రాన్స్ ఒక డిక్రీ ఇచ్చింది. ఫ్రెంచి ఇండియాలోని వాళ్లు ఇష్టమైతే తమ కుల, మత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చని దాని సారాంశం. ఒకే డెల్టాలో, ఒకే ఏడాదిలో, ఆచారం నుంచి బయటపడటానికి రెండు వేర్వేరు దారులు తెరుచుకున్నాయి. ఒకటి సంస్కర్త తెరిచింది, రెండోది ప్రభుత్వం తెరిచింది. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఉద్యమం బలమెంతో, చట్టం బలమెంతో విడివిడిగా తేలేది.

ఆ తరవాత 1929లో శారదా చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బాల్య వివాహాల మీద పంతులుగారు జీవితమంతా పోరాడినదానికి అదే ఫలం. అప్పుడు గోదావరి జిల్లాల నుంచి కుటుంబాలు చిన్నపిల్లలను వెంటబెట్టుకుని మా ఊరికి వచ్చాయి. బ్రిటిష్ చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లేది కాదు. మా ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా స్థిరపడింది. ఆ పేరు మాకు గర్వకారణం కాదు. కానీ యాభై ఏళ్ల సంస్కరణ ప్రచారం ఇళ్లలోపలికి ఎంతవరకు వెళ్లిందో కొలవడానికి అంతకంటే మంచి చోటు ఈ డెల్టాలో లేదు. బయటివాళ్ల మతాచార పెళ్లిళ్లన్నీ ఫ్రెంచి సివిల్ రిజిస్టర్లకు ఎక్కి ఉంటాయని అనుకోకూడదు. యానాం చిరునామాతో అచ్చయిన శుభలేఖల కోసం డెల్టా ఇళ్లలోని పాత పెట్టెలను కూడా వెతకాలి. అది కష్టమైన పని. సిద్ధాంత గ్రంథం అంటే ఆ కష్టమే.

మీ తెలుగు చక్కగా ఉంది, సూచిక పొందికగా ఉంది, ఛాయాచిత్రాలు అపురూపం. ఇవి రాయకపోతే సమీక్షకుడిగా నేను తప్పు చేసినవాణ్ణి అవుతాను. అవి మాత్రమే రాసి ఊరుకుంటే, ఈ పుస్తకాన్ని ఆధారం చేసుకుని రేపు పరిశోధన మొదలుపెట్టే విద్యార్థికి ద్రోహం చేసినవాణ్ణి అవుతాను.

పంతులుగారి మీద గౌరవం ఉన్న ప్రతి ఇంట్లో ఈ పుస్తకం ఉండదగ్గదే. గోదావరి డెల్టాలో బ్రహ్మసమాజం చరిత్ర కావలసినవాళ్లు మాత్రం రెండో కూర్పు దాకా ఆగాలి. దానికి ముందు మీరొకసారి యానాం రండి.