నలభై మూడు రూపాయల పరిహారం గురించి

ఇంటర్నెట్ కంపెనీ పెద్దలకు, గుంటూరు అరండల్‌పేటలో ముగ్గురు కూర్చునే ఒక పన్ను లెక్కల ఆఫీసు నుంచి నమస్కారాలు.

గత నెల మీ లైను పదకొండుసార్లు పోయింది. మొత్తం 31 గంటలు. నెలకు 999 రూపాయల అద్దె, 720 గంటలు. ఆ లెక్కన మీ కస్టమర్ కేర్ అమ్మాయి మాకు రావలసింది 43 రూపాయలని తేల్చింది. లెక్క తప్పులేదు, మేమూ వేసి చూశాం.

అయితే ఆ 31లో 19 గంటలు ఒకేసారి పోయాయి. 20వ తేదీ మధ్యాహ్నం మూడింటికి మోడెం మీద ఎర్రలైటు వెలిగింది. జీఎస్టీఆర్-3బీ దాఖలుకు అదే ఆఖరి రోజు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కుస్తీపట్టి ఎనిమిది రిటర్నులు ఎక్కించాం, ఆరు మిగిలిపోయాయి. రోజుకు 50 చొప్పున ఆలస్య రుసుము 300. ఆ ఆరుగురిలో ఒక వ్యాపారి 1,46,000 కట్టాలి. 18 శాతం వడ్డీ లెక్కన ఒక్క రోజుకు 72. మొత్తం 372 రూపాయలు మా జేబులోంచే పెట్టాం. తప్పు మీ లైనుదని వాళ్లకు చెప్పుకుంటే మా పరువే పోతుంది.

మర్నాడు వచ్చిన మీ కుర్రాడు మంచివాడు. మీటరు పెట్టి మైనస్ 29 చూపించాడు. మైనస్ 27 దాటితే మోడెంకు వెలుగు చాలదట. స్తంభం మీద జాయింటుకు పెట్టె లేదు, ప్లాస్టిక్ టేపు చుట్టి వేలాడదీశారు. వీధిలో ఎవరికి కొత్త కనెక్షన్ ఇచ్చినా దాన్నే విప్పుతారు. మళ్లీ అతికిస్తే మైనస్ 21కి వచ్చింది. వానకు, ఇంకో కనెక్షన్‌కు మధ్య అది ఎన్నాళ్లుంటుందో అతనూ చెప్పలేదు.

అసలు చమత్కారం మీ ఫిర్యాదు నంబర్లలో ఉంది. 2006లో ట్రాయ్ పెట్టిన లెక్కలో, మరమ్మతు మూడు పనిదినాలు దాటితేనే వారం అద్దె తగ్గింపు. మీరేమో పోయిన ప్రతిసారీ కొత్త నంబరిచ్చి, లైను రాగానే ‘పరిష్కరించాం’ అని మూసేస్తారు. పదకొండు నంబర్లకు పదకొండు పరిష్కారాలు. జాయింటు మాత్రం ఒక్కటే, అదే టేపు. మూడు రోజుల జ్వరానికే సెలవంటే, రోజూ సాయంత్రానికి తగ్గే జ్వరం జ్వరమే కాదన్నట్టుంది.

కాబట్టి ఆ 43 రూపాయలు మీరే ఉంచుకోండి. మాకు 372 ఇవ్వండి, స్తంభానికి ఒక జాయింటు పెట్టె బిగించండి. పదకొండు నంబర్లనూ ఒకే ఫిర్యాదుగా కలిపి మీ అప్పిలేట్ అధికారికి పంపుతున్నాం. అప్పీలుకు రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం కంపెనీల మీద ఫిర్యాదు అక్కడ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ‘వ్యాపార కనెక్షన్’ అని మీరు అడ్డు చెబుతారేమో. బతుకుతెరువు కోసం స్వయంగా చేసుకునే పనిని చట్టం అలా చూడదు.

ఈ లేఖను ఈమెయిల్‌లో పంపాలనే కూర్చున్నాం. మళ్లీ ఎర్రలైటు. స్పీడ్ పోస్టులో వేస్తున్నాం, రసీదు ఫైల్లో ఉంది.