లెక్క ఎక్కడ తప్పిందో వెతికేవాళ్లు వినకూడని సలహాలు

ట్యూషన్ చెప్పేవాళ్లకీ, ఇంట్లో పిల్లల చదువు చూసుకునేవాళ్లకీ ఇప్పుడు నోటుపుస్తకం కంటే దాని ఫొటోయే ఎక్కువగా అందుతోంది. "సార్, ఆన్సర్ కలవట్లేదు, ఎక్కడ తప్పిందో చూడండి" అని ఒక్క ముక్క, దాని కింద సగం నీడ పడ్డ పేజీ. అలాంటి పేజీలో తప్పు మొదలైన వరుసను ఎలా పట్టుకోవాలో చెప్పే సలహాలు స్టాఫ్ రూముల్లో చాలానే తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని పని తొందరగా తెమిలిపోయినట్టు అనిపించేలా చేస్తాయి గానీ, ఎర్ర గీత మాత్రం వేరే చోట పడుతుంది. ఎనిమిదో తరగతి స్థాయి లెక్క ఒకటి ముందు పెట్టుకుని ఆ సలహాలు చూద్దాం. పిల్లవాడు రాసింది ఇది:

```
1)  (x − 3)/2 − (x − 5)/3 = 2
2)  3(x − 3) − 2(x − 5) = 12
3)  3x − 9 − 2x − 10 = 12
4)  x − 19 = 12
5)  x = 31
```

సరైన జవాబు 11.

"కీ పక్కన పెట్టుకో, ఎక్కడ తేడా వస్తే అక్కడ గీత పెట్టు"

ఎక్కువమంది పాటించే సలహా ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. కీలో అన్ని వరుసలూ ఉండవు. రాసినవాళ్లు రెండో వరుస తర్వాత నేరుగా x + 1 = 12 అని వేసి ముగిస్తారు. దాన్ని పక్కన పెట్టుకుని పోలిస్తే మన చెయ్యి నాలుగో వరుస మీద పడుతుంది, ఎందుకంటే కీలో x + 1 ఉంది, ఇక్కడ x − 19 ఉంది. ఆ వరుస పక్కన ఇంటూ పెట్టి పంపించామనుకోండి. పిల్లవాడు −9, −10 మళ్లీ కూడుకుంటాడు, −19 వస్తుంది. ఇంకోసారి కూడుకుంటాడు, మళ్లీ అదే. నాలుగో వరుసలో అతను చేసిన పనిలో తప్పేమీ లేదు మరి. సరిగ్గా చేసిన పనిని తప్పంటే, తనకు నిజంగా తెలిసిన కూడికనే అనుమానించడం మొదలుపెడతాడు.

వరుస కీలో ఉందా లేదా అన్నది మనకు అనవసరం. పై వరుస నుంచి ఈ వరుస వస్తుందా రాదా అన్నదొక్కటే అడగాలి. ఒకచోట తప్పు పడ్డాక కింది వరుసలన్నీ కీకి దూరంగానే ఉంటాయి, అయినా వాటిలో చాలావరకు తమ పై వరుస నుంచి సక్రమంగానే దిగి ఉంటాయి. పేపర్లు దిద్దేవాళ్లకు సీబీఎస్‌ఈ ఇచ్చే సూచనల్లోనూ ఇదే ఉంది: ఒక తప్పు వల్ల కింద వచ్చే ఫలితాలకు మళ్లీ మళ్లీ మార్కులు కొయ్యకూడదు, ఆ తప్పుకు ఒక్కసారే కొయ్యాలి. తప్పు పుట్టిన వరుస ఏదో తేలకుండా ఆ సూచనను పాటించలేం. పిల్లవాడు కీలో లేని పద్ధతిలో చేసినా, ఉదాహరణకు క.సా.గు. తియ్యకుండా భిన్నాలను విడివిడిగా రాసుకుని నడిచినా, ఈ ప్రశ్నే పనికొస్తుంది.

"అనుభవం ఉన్నవాడికి కన్ను చాలు"

కన్ను చాలదు. బ్రాకెట్లు విప్పిన వరుసను వందలసార్లు చూసిన కన్ను, అక్కడ ఉండాల్సిన +10ని తనే చదివేసుకుని ముందుకు పోతుంది. అందుకే కంటిని పక్కన పెట్టి రెండు సంఖ్యలతో పరీక్షించండి. ఒకటి సరైన జవాబు 11, రెండోది పిల్లవాడి జవాబు 31. మొదటిదాన్ని పైనుంచి కిందికీ, రెండోదాన్ని కింది నుంచి పైకీ నడిపించండి.

పైనుంచి: రెండో వరుసలో 11 వేస్తే 3 × 8 = 24, అందులోంచి 2 × 6 = 12 తీసేస్తే 12. కుడివైపూ 12 ఉంది, సరిపోయింది. మూడో వరుసలో 33 − 9 − 22 − 10 అంటే −8. కుడివైపు 12 ఉంది కాబట్టి ఇక్కడ తెగింది.

కింది నుంచి: నాలుగో వరుసలో 31 − 19 = 12, సరిపోయింది. మూడో వరుసలో 93 − 9 − 62 − 10 = 12, ఇదీ సరిపోయింది. రెండో వరుసలో 3 × 28 − 2 × 26 అంటే 84 − 52, అంటే 32. ఇక్కడ తెగింది.

రెండు దారులూ రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య కలిశాయి. ఈ లెక్కలో తప్పు ఒక్కటే, అది మూడో వరుసలో పుట్టిందని తేలింది. అవి కలవకపోతే మాత్రం తప్పులు ఒకటికంటే ఎక్కువ ఉన్నట్టే. ఇదే పిల్లవాడు చివర్లో −19ని అటువైపు పంపేటప్పుడు గుర్తు మార్చకుండా x = 12 − 19 = −7 అని రాశాడనుకోండి. −7ని నాలుగో వరుసలో వెయ్యగానే −26 వస్తుంది, అక్కడే తెగుతుంది. 11 మాత్రం పైన మూడో వరుస దగ్గరే తెగింది. అంటే మూడో వరుసలో ఒక తప్పు, అయిదో వరుసలో మరొకటి. కింది తప్పే ముందు కంటికి కొడుతుంది. అయినా పిల్లవాడికి మొదట చెప్పాల్సింది పై దాని గురించి.

వరుసలు ఇరవై దాకా ఉంటే సగంలో ఉన్న వరుసతో మొదలుపెట్టి, అక్కడ తెగితే పై సగంలోనూ తెగకపోతే కింది సగంలోనూ వెతకమని కొందరు చెబుతారు. పని తొందరగానే అవుతుంది. కానీ పైన రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉంటే మధ్య వరుసలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. జవాబు కలిసినా దారి తప్పు ఉండే లెక్కలు ఇలాంటివే. వాటికి అడ్డదారి లేదు, పైనుంచి ఒక్కో వరుసా చూసుకుంటూ రావాల్సిందే.

"విలువ తెగిన చోటే తప్పు, ఇక ఆలోచించక్కర్లేదు"

పై పరీక్ష రుచి చూసినవాళ్లు వెంటనే ఇచ్చే సలహా ఇది. ఇదీ వినకండి.

```
1)  √(x + 7) = x − 5
2)  x + 7 = x² − 10x + 25
3)  x² − 11x + 18 = 0
4)  (x − 9)(x − 2) = 0
5)  x = 9, 2
```

సరైన జవాబు 9 ఒక్కటే. కింది నుంచి 2ను నడిపిస్తే నాలుగు, మూడు, రెండు వరుసల్లో సరిపోతుంది. మొదటి వరుసలో ఎడమవైపు 3, కుడివైపు −3 వస్తాయి కాబట్టి అక్కడ తెగుతుంది. అంతమాత్రాన రెండో వరుసకు ఇంటూ పెడితే అన్యాయం. రెండువైపులా వర్గం చెయ్యడం న్యాయమైన పనే, పై వరుస నుంచి కింది వరుస వస్తుంది. అయితే ఆ దారి ఒకవైపే నడుస్తుంది, కింది నుంచి పైకి తిరిగి రాదు. 3, −3 వేరువేరు సంఖ్యలు, వాటి వర్గాలు మాత్రం ఒకటే. పిల్లవాడి తప్పు అయిదో వరుసలో ఉంది: వచ్చిన రెండు విలువలనూ అసలు సమీకరణంలో వేసి చూడకుండా రెండింటినీ జవాబుగా రాశాడు. కాబట్టి తెగిన చోటు దొరికాక, అక్కడ పిల్లవాడు చేసిన పని ఏమిటో చూసి ఆ తర్వాతే గీత పెట్టాలి.

"ఫొటో మసగ్గా ఉంటే స్కానర్ ఫిల్టర్ వెయ్యి, అర్థం కానిది సందర్భాన్ని బట్టి చదువుకో"

నలుపు తెలుపు ఫిల్టర్ వేస్తే కాగితం తెల్లగా, అక్షరాలు నల్లగా మెరుస్తాయి. అదే సమయంలో పెన్సిల్‌తో తేలిగ్గా గీసిన గీతలూ దశాంశ బిందువులూ ఎగిరిపోవచ్చు, ఎందుకంటే ఫిల్టర్ ఒక మేరకంటే లేతగా ఉన్నదాన్నంతా కాగితం కిందే జమకడుతుంది. రూళ్ల పుస్తకమైతే రూలు గీత మీద పడ్డ మైనస్ ముందే సగం కనపడదు. రంగుల ఫొటోనే అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. ప్రశ్న ఉన్న పేజీ ఫొటో కూడా తెప్పించుకోండి. సరైన జవాబు మొదటి వరుసలోనే తెగిందంటే పిల్లవాడు ప్రశ్నను తప్పుగా ఎక్కించుకున్నాడు. అప్పుడు అతను ఎక్కించుకున్న లెక్కను మీరు విడిగా సాధించి, ఆ జవాబుతో మిగతా వరుసలు చూడాలి.

సందర్భాన్ని బట్టి చదవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే మన మనసులో ఉన్న సందర్భం సరైన లెక్కది. ముందు తెల్లకాగితం మీద పేజీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకోండి, తప్పులతో సహా. తేలని గుర్తు దగ్గర చుక్క పెట్టి వదిలెయ్యండి. ఎక్కించడం అయ్యేదాకా దిద్దడం మొదలుపెట్టకండి. ఆ తర్వాత తేలని గుర్తును కీని బట్టి కాకుండా పిల్లవాడి తర్వాతి వరుసను బట్టి తేల్చండి. మన లెక్కలో మూడో వరుస ఫొటోలో −10 లాగా ఉండి, నాలుగో వరుస x + 1 = 12 అని ఉందనుకోండి. −9తో కలిసి +1 ఇవ్వగలిగింది +10 మాత్రమే. ప్లస్‌లోని నిలువు గీత ఫొటోలో పోయింది, పిల్లవాడు తప్పు చెయ్యలేదు. నాలుగో వరుసలో −19 ఉంటే అతను మైనస్సే రాశాడు. మైనస్ స్పష్టంగా కనిపిస్తూ కింద +1 ఉంటే మాత్రం ఊహించకండి. ఫోన్ చేసి "మూడో వరుస చదువు నాన్నా" అనండి, ఏమీ సూచించకుండా వినండి.

"తప్పు దొరికింది కదా, సరైన వరుస రాసి పంపెయ్"

మూడో వరుసలో +10 అని దిద్ది పంపితే పిల్లవాడు "సరే సార్" అంటాడు. రేపు ఇలాంటి లెక్కలోనే మళ్లీ −10 రాస్తాడు. పిల్లల తప్పులు చాలాసార్లు ఏదో ఒక సొంత సూత్రాన్ని పట్టుకుని వస్తాయని 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ తీసివేతల మీద చేసిన పనిలో చూపించారు. మన −10 వెనక కనీసం రెండు సూత్రాలు ఉండొచ్చు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే మైనస్సే అని ఒక పిల్లవాడు అనుకుంటూ ఉండొచ్చు. ఇంకొకడికి ఆ గుణకారం బాగానే వచ్చు, కానీ బ్రాకెట్ ముందున్న మైనస్ మొదటి పదానికే చెందుతుందనుకుంటున్నాడు. 2(x − 5)ను 2x − 10గా విప్పి, ముందున్న మైనస్‌ను 2xకు మాత్రం తగిలించి ఊరుకున్నాడు. కాగితం మీద ఇద్దరి మూడో వరుసా ఒకటే, ఎంత శ్రద్ధగా చూసినా ఫొటో ఆ తేడా చెప్పదు.

దానికి ఇంకో చిన్న ముక్క ఇచ్చి చూడాలి: −2(x + 5) విప్పమనండి. మొదటివాడు −2x − 10 అని సరిగ్గానే రాస్తాడు, ఎందుకంటే ఇక్కడ మైనస్‌ను మైనస్‌తో గుణించే పనే లేదు. రెండోవాడు −2x + 10 అని రాస్తాడు. మొదటివాడికి గుర్తుల గుణకారం మళ్లీ చెప్పాలి. రెండోవాడికి బ్రాకెట్ ముందున్న −2 లోపలున్న రెండు పదాలనూ గుణిస్తుందని చూపించి, అలాంటివే నాలుగైదు విప్పించాలి.