వనభోజనాలు వాయిదా... ఎవరూ మాట్లాడకండి

మా అపార్ట్‌మెంటు వాళ్లకు వనభోజనాల సరదా పుట్టేదీ, బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టేదీ ఏటా కార్తీకంలోనే. ఈసారి నవంబరు 2, ఆదివారం ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేద్దామనుకున్నాం. శుక్రవారానికే తోటలో మోకాలిలోతు నీళ్లు. 9కి వాయిదా వేయడానికి కమిటీకి రెండు నిమిషాలు పట్టింది. ఆ ముక్క వాట్సాప్ గ్రూపులో చెప్పడంతో అసలు కథ మొదలైంది.

సెక్రటరీ గారు మర్యాదస్తులు. “అందరికీ నమస్కారం. మీరంతా క్షేమమని తలుస్తాను” అని మొదలుపెట్టి, అసలు సంగతి ఆరో లైనులో చెప్పి, “మీ అభిప్రాయాలు తెలపగలరు” అని ముగించారు. పిలిచి పీట వేస్తే ఎవరు మాత్రం కూర్చోరు? ఫోను తెరవకముందు పైన కనబడేది మొదటి ఒకటి రెండు లైన్లే కనుక, కొందరు క్షేమమేనని జవాబిచ్చి ఊరుకున్నారు. మిగతావాళ్లు అయ్యో అన్నారు, మంచి నిర్ణయం అన్నారు, దండాలు పెట్టారు. “మరి కట్టిన డబ్బులు?” అని ఒకాయన అడిగితే, జవాబు వచ్చేలోపే ఆ ప్రశ్న దండాల కింద కప్పబడిపోయింది. అంచేత మరొకాయన మళ్లీ అడిగారు. రాత్రి పదకొండింటికి రెండో అంతస్తు పిన్నిగారు తీరిగ్గా వచ్చి, “ఇంతకీ ఆదివారం బస్సు ఎన్నింటికండీ?” అన్నారు.

9వ తేదీకీ తోట ఆరేలా లేదు. పత్రికలకు రాస్తాను కదా అని ఈసారి ప్రకటన నాకు అప్పగించి, అడ్మిన్‌ని కూడా చేశారు. మనవాళ్లు ఊరికే మాట్లాడరు, మనం చెప్పకుండా వదిలేసిన చోటే మాట్లాడతారని నా నమ్మకం. అందుకని ముందు వంటాయనకూ, తోట ఆయనకూ, బస్సాయనకూ ఫోన్లు చేసి అన్నీ ఖాయం చేసుకున్నాకే ఇలా టైపు చేశాను:

“9వ తేదీ వనభోజనాలు లేవు. 16వ తేదీ ఆదివారం వెళ్తున్నాం. తోట, బస్సు అవే, ఉదయం 8కి గేటు దగ్గర. కట్టిన డబ్బు 16కి చెల్లుతుంది, రాలేనివారికి వాపసు ఇస్తాం. వంటాయనకు చెప్పేశాం. ఎంతమంది వస్తారో కింద నొక్కండి, ఇంటికి ఒక్కరే. ఇంకేమైనా ఉంటే సెక్రటరీ గారికి ఫోన్ చేయండి.”

“వచ్చే ఆదివారం” అని రాయలేదు చూడండి. ఆ మాట శనివారం చదివినవారికి ఒక తేదీ, సోమవారం చదివినవారికి ఇంకో తేదీ. నమస్కారమూ పెట్టలేదు. పెడితే తిరిగి పెట్టాలి కదా! 16 దాటితే అమావాస్యకు ముందు మరో ఆదివారం లేదు కనుక, వేరే రోజు చూద్దామా అనే ఆశ కూడా ఎవరికీ మిగల్చలేదు.

పంపే ముందు పైన పిన్ చేసి ఉన్న పాత ప్రకటన పీకేశాను. అది అక్కడే ఉంటే పిన్నిగారు దాన్నే నమ్ముతారు. తర్వాత గ్రూపు పర్మిషన్స్‌లోకి వెళ్లి, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా మార్చాను. అప్పుడు ప్రకటన, దాని కింద పోల్ పెట్టి, ప్రకటనను పిన్ చేశాను. గ్రూపుకు తాళం పడ్డా పోల్ నొక్కొచ్చు, సందేశం మీద బొటనవేలి బొమ్మా పెట్టొచ్చు. ఆ బొమ్మకు మోగేది సందేశం పంపినవాడి ఫోనే, మిగతావాళ్లు హాయిగా నిద్రపోవచ్చు.

పోల్‌లో వస్తాం, రాలేం అని పెడితే వంటాయనకు పనికిరాదు. అది లెక్కపెట్టేది నొక్కిన ఫోన్లను, తినే నోళ్లను కాదు. అందుకే ఒకరం, ఇద్దరం, ముగ్గురం, నలుగురం, అంతకన్నా ఎక్కువ, రాలేం అని ఇచ్చాను. ఒకరు రెండు మూడు జవాబులు నొక్కే వీలును కూడా ఆపేశాను. అది ఆపకపోతే, నలుగురం అని నొక్కి, ఎందుకైనా మంచిదని రాలేం కూడా నొక్కే ముందుచూపు గల రిటైర్డ్ తహసీల్దారు గారు మా మూడో అంతస్తులో ఉన్నారు.

రాత్రికి సందేశం ఇన్ఫో తెరిచి ఎవరు చదవలేదో చూశాను. నీలం టిక్కులు ఆపేసుకున్నవాళ్లు కూడా గ్రూపులో దాక్కోలేరు, వాట్సాప్ ఆ సదుపాయం ఇవ్వలేదు. చదవనివాళ్లు ముగ్గురే తేలారు. వాళ్లకు ఫోన్ చేశాను. పిన్నిగారింటికి మాత్రం స్వయంగా వెళ్లి చెప్పి, కాఫీ తాగి వచ్చాను.

తెల్లారి తాళం తీసేశాను. రోజుల తరబడి మూసి ఉంచితే జనం ఇంకో గ్రూపు పెట్టుకుంటారు, అందులో మనం ఉండం. అయితే నోళ్లు మూసినంత మాత్రాన ప్రశ్నలు ఆగవు, ఇంకో దారి చూసుకుంటాయి. తాళం వేసిన రాత్రి నా ఫోను మాత్రం నిశ్చింతగా పడుకుంది. సెక్రటరీ గారు నన్ను లిఫ్టులో చూస్తే మెట్లెక్కి వెళ్లిపోతున్నారు. ఆయనది ఐదో అంతస్తు.