వేదికనలంకరించిన పెద్దలారా, కట్!

బాలానగర్‌లో ఒక మోటార్ల కంపెనీకి పాతికేళ్ళు నిండాయి. వార్షికోత్సవంలో చైర్మన్ గారు చదవబోయే స్వాగతోపన్యాసాన్ని ముందే వీడియో తీసి ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేద్దామని వాళ్ళబ్బాయికి ఆలోచన వచ్చింది. బయటికి ‘బ్రాండింగ్’ అన్నాడు గానీ, నాన్నగారు మైకు పట్టుకుంటే భోజనాలు చల్లారిపోతాయన్నది అసలు భయం. ఉపన్యాసాన్ని స్క్రిప్టుగా మార్చే పని నాకు అప్పజెప్పారు. మధ్యమధ్యలో వేసే కటవేల జాబితా కూడా నేనే రాసివ్వాలి. మాట్లాడే మనిషి మొహం మీంచి కాసేపు పక్కకు తప్పుకుని ఇంకోటి చూపించే ముక్కని కటవే అంటారు.

ఉపన్యాసం తొమ్మిది పేజీలు. చైర్మన్ గారు స్వహస్తాలతో రాశారు. మొదటి పేజీ మొత్తం ‘వేదికనలంకరించిన పెద్దలకు’తో మొదలై జిల్లా అధికారులు, బ్యాంకు మేనేజర్లు, డీలర్లు, వియ్యాలవారు, పాత్రికేయ మిత్రుల మీదుగా ‘సభాముఖంగా’ దాకా నడిచింది. వీడియోలో వేదిక ఉండదండీ అన్నాను. ఎందుకుండదు, వేయించండి అన్నారు. వీడియోలో మీరు మీ గదిలో కూర్చుని ఉంటారు, ఎదురుగా కెమెరావాడు తప్ప పెద్దలెవరూ ఉండరు అని చెప్పాను. కెమెరావాడి వైపు కాసేపు చూసి, అలంకరించడానికి అతనేమీ పనికిరాడని ఆయనకే తోచినట్టుంది, ఆ పేజీ వదిలేశారు. అందులో ఉన్న పేర్లు మాత్రం పోవడానికి వీల్లేదన్నారు. ఆ పేర్లతో ఏం చేశామో తర్వాత చెబుతాను.

తొమ్మిది పేజీలు పైకి చదివితే పద్నాలుగు నిమిషాలు పట్టింది. మాకిచ్చింది నాలుగు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి నిదానంగా, అర్థమయ్యేలా మాట్లాడితే నిమిషానికి వంద మాటలు దాటడం కష్టం. ఆ లెక్కన నాలుగు నిమిషాలకు నాలుగు వందలు. అందులోనూ పావు వంతు బొమ్మకీ చప్పుడుకీ వదిలెయ్యాలి. అంటే చైర్మన్ గారికి దక్కేది మూడు వందల మాటలు. ఈ లెక్క చెబితే ఆయన, “మూడొందల్ల ఏం జెప్తం రైటర్ సాబ్? కుశల ప్రశ్నలకే సరిపోతది” అన్నారు. నిజమే. అందుకే కుశల ప్రశ్నలు తీసేశాం.

ఈలోపు అబ్బాయి గారు తన కటవేల జాబితా పంపించారు. ‘చిన్న మొక్కగా నాటిన సంస్థ’ అన్నచోట మొక్క మొలకెత్తడం, ‘అంచెలంచెలుగా’ అన్నచోట బూట్లు మెట్లెక్కడం, ‘చెమటోడ్చి’ అన్నచోట నుదుటి మీంచి చెమట బొట్టు నెమ్మదిగా జారడం, ‘విశ్వసనీయత’ అన్నచోట ఇద్దరు తెల్లవాళ్ళు చేతులు కలపడం. ఆ కంపెనీలో ఒక్క తెల్లవాడూ లేడు. పటాన్‌చెరు అవతల వాళ్ళకి పెద్దగా కస్టమర్లూ లేరు. అయినా విశ్వసనీయతంటే ఆ ఇద్దరే వచ్చి నిలబడాలి, ఏ కార్పొరేట్ వీడియోలో చూసినా వాళ్ళే ఉంటారు. వాళ్ళకి ఇంకో ఉద్యోగం లేదనుకుంటాను.

నా దృష్టిలో కటవేకి ఉన్న పనులు రెండే. మాట్లాడే మనిషి తడబడ్డ చోటు కత్తిరిస్తే మొహం ఠక్కున పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది, ఆ అతుకు కప్పాలి. రెండోది, మాట చెప్పనిది బొమ్మ చెప్పాలి. మొక్క అంటుండగా మొక్కనే చూపిస్తే ప్రేక్షకుడికి ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టవుతుంది. ఫంక్షన్ హాల్లో కూర్చున్నవాడు ఆ రెండోసారికి బిర్యానీ వైపు తిరుగుతాడు.

మరి ఏం చూపించాలి? దానికి సమాధానం ఏడో పేజీలో దొరికింది. ‘దగ్ధమైన యంత్రముల దుర్గంధమే తొలినాళ్ళలో మా జీవనాధారము’ అని ఒక వాక్యం ఉంది, రెండు పక్కలా ధన్యవాదాలు. అంటే ఏమిటండీ అన్నాను. చైర్మన్ గారు కళ్ళద్దాలు తీసి మామూలు మనిషిలా మాట్లాడారు. కంపెనీ పెట్టకముందు జనగామ బస్టాండు దగ్గర ఆయనకి మోటారు వైండింగ్ షాపు ఉండేదట. ఎండాకాలం బావుల్లో నీళ్ళు అడుగంటి, కరెంటు వస్తూ పోతూ మోటార్లు కాలిపోయేవి. రైతులు రాత్రిపూట ఎడ్లబండి మీద మోటారు వేసుకొచ్చి, తెల్లారేసరికి కావాలి, లేకపోతే వరి ఎండిపోతుందనేవారు. “కాలిన వార్నిష్ వాసనొచ్చిందంటే మా ఇంటామె ఇంకేం అడగకుండ బియ్యం కడుగుతుండె” అన్నారు.

వీడియో అక్కడే మొదలవ్వాలన్నాను. ఇక అక్కణ్ణుంచి గొడవ.

మోటార్ల కంపెనీ పాతికేళ్ళ పండగలో మొట్టమొదట కాలిన మోటారు చూపిస్తారా అని అబ్బాయి గారు తలపట్టుకున్నారు. ఆయన బాధలోనూ న్యాయముంది. పైగా కాలిన మోటారు తేవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే తమ మోటార్లు కాలవని క్యాటలాగులో రాసుకున్నారు. నేను స్టోర్సుకి వెళ్ళి, ఎక్కడైనా బయట దొరుకుతుందా అని మొహమాటంగా అడిగాను. స్టోర్‌కీపరు పుస్తకంలోంచి తలెత్తకుండా, “ఎంత హెచ్‌పీ గావాలె సార్?” అన్నాడు.

ఐదు హెచ్‌పీ మోనోబ్లాకొకటి బల్ల మీద పెట్టి కెమెరాకి కనిపించేలా మూత విప్పించాం. చైర్మన్ గారు సూటు వేసుకుని దూరంగా నిలబడ్డవారు మెల్లగా దగ్గరికొచ్చారు. లోపలి తీగచుట్టల మీదికి వంగి, ఎవరూ చెప్పకుండానే వాసన చూశారు. తర్వాత వేలితో చుట్టూ తిప్పి చూపించారు. మూడింట రెండొంతుల చుట్టలు బొగ్గులా నల్లబడ్డాయి, మిగతా వంతు మాత్రం నిన్న చుట్టినట్టు ఎర్రగా మెరుస్తోంది. “ఇది మోటరు తప్పు గాదు. ఒక ఫేజు పోయింది” అన్నారు. మూడు ఫేజుల్లో ఒకటి తెగిపోయినా తిరుగుతున్న మోటారు ఆగదు, మిగతా రెండింటి మీద బరువంతా వేసుకుని అలాగే నడుస్తుంది. నడిచి నడిచి ఆ రెండూ కాలిపోతాయి, కరెంటు రాని మూడోది చెక్కుచెదరదు. బరువెక్కువై కాలితే చుట్టూ సమానంగా నల్లబడుతుందట. అబ్బాయి గారి మొహం వికసించింది. తప్పు కరెంటుది! కాలిన మోటారు ఆ క్షణంలోనే బ్రాండింగ్ అయిపోయింది.

వాసనని తెర మీద ఎలా చూపించాలా అని అంతకుముందు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. పొగ వేద్దామని కెమెరావాడన్నాడు. పొగ చూస్తే జనం ఫంక్షన్ హాలు తలుపుల వైపు పరిగెత్తుతారు. చివరికి చైర్మన్ గారి ముక్కే సరిపోయింది. మొదటి అర నిమిషం స్క్రిప్టులో ఇలా కుదిరింది:

తెర మీద: చీకటి. ఎడ్లబండి చక్రం ఆగిన చప్పుడు. తలుపు గొళ్ళెం.
మాట: ఏమీ లేదు.
తెర మీద: సగానికి పైగా నల్లబడ్డ తీగచుట్టలు, బాగా దగ్గరగా. చైర్మన్ గారి వేలు వాటి మీద నడుస్తుంది. వంగి వాసన చూస్తారు.
మాట (ఆయన మొహం ఇంకా కనిపించదు): “ఈ వాసనొస్తేనే మా ఇంట్ల పొయ్యి ముట్టిచ్చేది.”
తెర మీద: ఇప్పుడు మొహం. ఆయన గదిలో, కుర్చీలో.
మాట: “జనగామల షాపు పెట్టిన కొత్తల...”

గొంతు ముందు, మొహం తర్వాత వస్తుంది. జనం తల తిప్పి చూసేది దానికోసమే. మొహంతో మొదలుపెడితే, ఆఁ మన చైర్మనే గదా అని పక్కవాడితో కబుర్లలో పడతారు.

కాగితం చూసి చదివించడం మానేశాం. ఎదురుగా అక్షరాలు కదిలే ప్రాంప్టర్ పెడితే ఆయన కళ్ళు ఎడమ నుంచి కుడికి, మళ్ళీ ఎడమకి పోయాయి. టెన్నిస్ మ్యాచ్ చూస్తూ స్వాగతం పలుకుతున్నట్టుంది. అందుకని నేను కెమెరా పక్కనే కూర్చుని ప్రశ్నలడిగాను. నా ప్రశ్న వీడియోలో వినబడదు కాబట్టి జవాబులో ప్రశ్న కూడా కలిపి చెప్పమన్నాను. ‘ఎప్పుడు పెట్టారు?’ అంటే ‘ఎండాకాలం’ అనకూడదు, ‘షాపు పెట్టింది ఎండాకాలంల’ అనాలి. ఆయన దీన్ని బాగా పట్టేశారు. మధ్యాహ్నం, భోంచేశారా అని అడిగితే, “నేను భోజనం చేసింది ఒంటిగంటకు” అన్నారు.

ఆయన వెనక గోడకి గడియారం ఉంది. పొద్దున పదింటికి చెప్పిన వాక్యం పక్కన పన్నెండింటికి చెప్పింది అతికిస్తే ముల్లు కాస్తా గుట్టు విప్పేస్తుంది. బ్యాటరీ తీసేద్దామంటే ఆగిన గడియారం కంపెనీకి అరిష్టమన్నారు. దించుదామంటే అది మొదటి డీలరు ఇచ్చిన కానుక. మొత్తానికి కుర్చీయే జరిపాం. ఇంకో బాధ ఫ్యాక్టరీలో ట్యూబులైట్లు. అబ్బాయి గారు ఫోన్లో తీసుకున్న ముక్కల్లో నల్లటి చారలు పాకుతున్నాయి. మన కరెంటు సెకనుకి యాభై సైకిళ్ళు, లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. కెమెరాని సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెడితే చారలు పోతాయి. ఇది వివరిస్తుంటే అక్కడున్నవాళ్ళందరూ తలూపారు, అర్థమైంది చైర్మన్ గారికొక్కరికే. “యాభై గాకపోతే మోటరే సక్కగ తిరగది, ఇగ నీ కెమెరా ఏం తిరుగుతది” అన్నారు. అతుకులు, కటవేలు, షాట్లు ఏవీ మింగుడుపడని మనిషి, షట్టరు స్పీడు దగ్గర నాకు గురువైపోయారు.

మొదటి పేజీలోని పేర్లు చివర్లో, నల్ల తెర మీద కిందనుంచి పైకి నడిపించాం. చైర్మన్ గారు ఆ జాబితాని బ్యాంకు మేనేజరు ముందా, వియ్యంకుడు ముందా అని తెగ మార్చారు. చివరికి అక్షర క్రమంలో వేశాం, దాంతో ఇద్దరూ సమానంగా అలిగారు. పైగా వీడియో వేసేది సినిమా హాల్లో కాదు, ఫంక్షన్ హాల్లో. తెర అడుగుభాగం ముందు వరస తలపాగాలకీ పూలమాలలకీ పోతుంది. అందుకని అక్షరాలు పెద్దవి చేసి పైకి జరిపాం. తెర కొలతలు ముందే కనుక్కోకపోతే అక్కడి ఆపరేటర్ చైర్మన్ గారిని రెండు పక్కలా సాగదీస్తాడు. అడిగితే ‘పెద్దదే సార్’ అంటాడు. ఎన్ని పిక్సెళ్ళో చెప్పమని వెంటపడాలి.

వార్షికోత్సవం రాత్రి మోటారు కనిపించినప్పుడు హాలు నిశ్శబ్దమైందో లేదో నేను గమనించలేదు, శబ్దం సరిపోయిందా అని స్పీకర్ల పక్కనున్నాను. చివర్లో పేర్లు వచ్చినప్పుడు మాత్రం జనం లేచి నిలబడి ఫోన్లెత్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ళు ఫోటో తీసుకున్నారు. ఒక డీలరు గారు నా దగ్గరికొచ్చి తన ఇంటిపేరు పొడి అక్షరం తప్పు పడిందని చెప్పారు. సరిచేసి మళ్ళీ మొదటినుంచీ వెయ్యమన్నారు. అప్పటికే భోజనాల దగ్గర వరస కట్టారని అన్నాను. పర్లేదు, పేర్లొక్కటే వెయ్యండి, నేనొక్కణ్ణే చూస్తానన్నారు.