పన్నెండున్నర ఆకలి

మా రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఒకేసారి ఆకలి వేసేది. పొద్దున ఏడింటికి చద్దన్నం, మధ్యాహ్నం పన్నెండున్నరకు అన్నం, రాత్రి ఏడున్నరకల్లా మళ్లీ విస్తళ్లు. పెళ్లిళ్లకూ పండగలకూ తప్ప ఆ వేళ కదిలేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి వేళ వారిది. మనవడు పొద్దున టిఫిన్ ముట్టడు, "ఆకలి లేదు తాతయ్యా" అంటాడు. రాత్రి పదకొండున్నరకు ఫోన్‌లో బిర్యానీ తెప్పించుకుంటాడు. అడిగితే ఆ టైముకి కడుపు కాలిపోతోందంటాడు. కాలదూ మరి? రోజూ ఆ వేళకే పెడుతుంటే ఆ వేళకే అడుగుతుంది.

బడిపంతులుగా పనిచేసినంత కాలం నేను పన్నెండున్నరకే క్యారేజీ విప్పాను. రిటైరై ఎన్నాళ్లయినా ఆ ఆకలి నన్ను వదల్లేదు. కోడలు రెండింటికి వడ్డిస్తుంది. పన్నెండు దాటగానే నా కడుపులో పేగులు అరవడం మొదలవుతుంది, నోట్లో నీళ్లూరతాయి. ఒకటిన్నర అయ్యేసరికి అదే సద్దుమణుగుతుంది. రెండింటికి కంచం ముందు కూర్చుంటే మునుపటి ఆత్రం ఉండదు. కడుపు ఖాళీ అయినందుకే ఆకలి వేస్తే, ఏమీ తినకుండా అది తగ్గడమేమిటి? ఇంకా పెరగాలి కదా!

దీనికి కారణం గ్రెలిన్ అనే హార్మోను. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా దీన్ని ఎలుక జీర్ణాశయంలో కనుక్కున్నారు. ఎక్కువగా జీర్ణాశయం గోడల్లోనే తయారై, రక్తంలో కలిసి, మెదడుకు 'తిను' అని కబురు పంపుతుంది. వేళకు భోంచేసేవాళ్ల రక్తం రోజంతా తీసి చూస్తే, ప్రతి భోజనానికీ ముందు గ్రెలిన్ ఎగబాకుతుంది, తిన్నాక గంటలోపే కిందికి దిగుతుంది. 2005లో అచ్చయిన వియన్నా పరిశోధనైతే నా సంగతే చెప్పినట్టుంది. ఆరోగ్యవంతులు ఆరుగురిని ఉపవాసం ఉంచి, ఇరవై నిమిషాలకొకసారి రక్తం తీశారు. తిండి పెట్టకపోయినా అలవాటైన భోజనవేళలకు గ్రెలిన్ లేచింది. ఇంకా ఏమీ తినకుండానే, సుమారు రెండు గంటల్లో తనంతట తాను తగ్గింది. అంటే ఆకలి కేవలం ఖాళీ కడుపు లెక్క కాదు, రాబోయే భోజనానికి ఒళ్లు ముందే చేసుకునే ఏర్పాటు.

ఈ వేళను ఒంటికి నేర్పేది మనమే. మెదడులో వెలుతురును బట్టి నడిచే పెద్ద గడియారం ఒకటుంది. ఎలుకల్లో దాన్ని తొలగించి చూశారు. అయినా రోజూ ఒకే వేళకు మేత పెడితే, మేతకు కొన్ని గంటల ముందు నుంచే అవి తిరగడం మొదలుపెట్టాయి. తిండివేళను గుర్తుపెట్టుకునే ఏర్పాటు వేరే ఉందన్నమాట, గ్రెలిన్ తయారుచేసే జీర్ణాశయ కణాలకూ అందులో పాత్ర ఉంది. ఆ పెద్ద గడియారం పాత్రా లేకపోలేదు. తిండి, నిద్ర ప్రభావాలను పక్కకు తీసి లెక్కగట్టినా, మామూలు మనిషికి పొద్దున ఎనిమిదింటి ప్రాంతంలో ఆకలి బాగా తక్కువ, రాత్రి ఎనిమిదింటి ప్రాంతంలో బాగా ఎక్కువ. కాబట్టి మనవడికి పొద్దున ఆకలి లేకపోవడాన్ని నేను పెద్ద తప్పనను. రాత్రి ఎలాగూ పొంగే ఆకలికి పదకొండున్నర బిర్యానీని అలవాటు చేయడమే నా బాధ. నిద్రపోవాల్సిన వేళకు ఒళ్లు విందుకు సిద్ధమవుతోంది.

ఆ బిర్యానీ మానమని చెబితే, ఒక్కరోజు మాని "చచ్చేంత ఆకలేసింది తాతయ్యా" అన్నాడు. ఒక్కరోజుకే ఒళ్లు అలవాటు మరిచిపోదు. రాత్రి ఎనిమిదింటికి కడుపు నిండా తిని, పదకొండున్నరకు వచ్చే ఆకలిని మంచినీళ్లు తాగి పోనివ్వాలి. కొన్నాళ్లపాటు వరసగా ఇలా చేస్తే ఆ వేళ మెల్లగా జరుగుతుంది. మధ్యలో రెండ్రోజులకోసారి బిర్యానీ తెప్పిస్తే మళ్లీ పాత పాటే.

ఒక్క మాట మాత్రం ఖండితంగా చెప్పాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ, షుగరును బాగా దించే కొన్నిరకాల మాత్రలు గానీ వాడేవాళ్లు ఆకలిని ఇలా పోనివ్వకూడదు. అలవాటు ఆకలి వేళకొచ్చి, కాసేపటికి తగ్గుతుంది. షుగరు పడిపోతే వచ్చే ఆకలి వేళాపాళా లేకుండా వస్తుంది. దానితోపాటు చెమటలు, చేతుల వణుకు, గుండెదడ ఉంటాయి, క్షణక్షణానికీ ముదురుతుంది. వెంటనే మిషన్‌తో చూసుకోవాలి. 70 కంటే తక్కువుంటే పదిహేను గ్రాముల గ్లూకోజు తీసుకుని, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. చూసుకునే వీల్లేకపోతే ముందు గ్లూకోజు నోట్లో వేసుకోవాలి.

మా రోజుల్లో గ్రెలిన్ పేరు ఎవరికీ తెలియదు. అయినా మా అమ్మ పిల్లల్ని వేళ తప్పనిచ్చేది కాదు. కోడలితో నిన్ననే అన్నాను: "అమ్మాయీ, రెండింటికి పెడితే రోజూ రెండింటికే పెట్టు. ఒకరోజు ఒంటిగంటకు, ఒకరోజు మూడింటికి మాత్రం వద్దు." "సరే మామయ్యా" అంది. పన్నెండున్నర ఆకలిని రెండింటికి జరుపుకోవడం ఇక నా వంతు.